బోర్డు కాటాలో మన బరువెంత?

చెరకు బండి కాటా ఎక్కినప్పుడు మన చూపంతా అక్కడి అంకెల మీదే ఉంటుంది. నిండు బండి ఎంత తూగింది, ఖాళీ బండి ఎంత, ఆకుకీ మట్టికీ ఎంత కోశారు అని చూసుకుంటాం. అనుమానం వస్తే దిగి అడుగుతాం. కానీ అదే ఫ్యాక్టరీకి ఇంకో కాటా కూడా ఉంది. అది మన కంటికి కనపడదు. ఏడాదికి తక్కువలో తక్కువ నాలుగుసార్లు డైరెక్టర్లు ఒక గదిలో కూర్చుని, ఉన్న డబ్బులో ముందు ఎవరికి ఇవ్వాలి, ఎవరిని ఆపాలి, వాగులోకి పోయే నీళ్లను శుద్ధి చేయడానికి ఈ ఏడు ఖర్చు పెట్టాలా, వచ్చే ఏటికి నెట్టాలా అని తేలుస్తారు. మన ఇంట్లో పెళ్లి జరుగుతుందో ఆగుతుందో, పిల్లవాడి ఫీజు కట్టగలమో లేదో ఆ గదిలో తేలుతుంది. ఆ కాటాలో మన బరువు ఎంత పడుతుందన్నదే ఈ నెల మనం మాట్లాడుకోవలసిన సంగతి.

బకాయిల కోసం ధర్నాకు వెళ్లిన ప్రతిసారీ యాజమాన్యం దగ్గర మనం వినే మాట ఒకటుంది. "మేం కంపెనీ డైరెక్టర్లం, వాటాదారులకు జవాబు చెప్పుకోవాలి. మీ మీద జాలి ఉన్నా మా చేతులు కట్టేసి ఉన్నాయి" అంటారు. ఈ మాట నిజమేనా? చట్టం అలాగే చెప్తోందా? మనలో చాలామంది నిజమే కాబోలు అనుకుని తిరిగి వచ్చేశాం. అందుకే ముందు చట్టంలో ఏముందో చూద్దాం.

మన దేశంలో 2013 కంపెనీల చట్టం నడుస్తోంది. అందులో 166వ సెక్షన్ డైరెక్టర్ల విధులు చెప్తుంది. దాని రెండో ఉపవిభాగం సారాంశం ఇది: డైరెక్టరు మంచి మనసుతో కంపెనీ ఉద్దేశాల కోసం, సభ్యులందరి మేలు కోసం పనిచేయాలి. అంతటితో ఆగలేదు. కంపెనీకీ, దాని ఉద్యోగులకూ, వాటాదారులకూ, చుట్టుపక్కల సమాజానికీ మేలు జరిగేలా, పర్యావరణానికి రక్షణ ఉండేలా నడుచుకోవాలని కూడా చెప్పింది. వాటాదారు ఆ వరసలో ఒకడు మాత్రమే. మిగతావాళ్లంతా అతని వెనక నిలబడాలని అందులో ఎక్కడా రాయలేదు. కాబట్టి చేతులు కట్టేసి ఉన్నాయన్న మాట చట్టం ప్రకారం నిలబడదు. ఉద్యోగినీ, ఊరినీ, నీటినీ లెక్కలోకి తీసుకోవడానికి డైరెక్టరుకు అనుమతి ఒక్కటే కాదు, బాధ్యత కూడా ఉంది.

అయితే ఆ వరసను ఇంకోసారి చదవండి. కంపెనీ, ఉద్యోగులు, వాటాదారులు, సమాజం, పర్యావరణం. సరుకు ఇచ్చేవాడు అందులో లేడు. చెరకు లేనిదే చక్కెర ఫ్యాక్టరీ లేదు, పాలు లేనిదే డెయిరీ లేదు, పత్తి లేనిదే జిన్నింగ్ మిల్లు లేదు. కానీ ఆ పంట తెచ్చి గేటు ముందు నిలబెట్టేవాడి పేరు ఆ సెక్షన్‌లో రాయలేదు. ఊళ్లో ఉంటున్నాం కాబట్టి "సమాజం" అన్న మాటలో మనమూ ఉన్నామని వాదించవచ్చు. కానీ సరుకు ఇచ్చి డబ్బు రాక ఎదురుచూసే రైతుగా మన పేరు లేదు. ఇంగ్లాండులో 2006 కంపెనీల చట్టం 172వ సెక్షన్‌లో సరుకు ఇచ్చేవాళ్లతో కంపెనీ సంబంధాన్ని డైరెక్టర్లు లెక్కలోకి తీసుకోవాలని నేరుగా రాశారు. అక్కడా చివరికి సభ్యుల మేలే ముఖ్యమన్నారు, అది వేరే సంగతి. పేరన్నా రాశారు. మన చట్టంలో అదీ లేదు.

వాటాదారే ముఖ్యం అన్న వాదన ఎక్కడి నుంచి వచ్చిందో కూడా తెలుసుకోవాలి. అమెరికాలో 1916 ప్రాంతంలో ఫోర్డు కార్ల కంపెనీకి లాభాలు విపరీతంగా వచ్చాయి. హెన్రీ ఫోర్డు వాటాదారులకు ఇస్తున్న ప్రత్యేక డివిడెండు ఆపేశాడు. ఆ డబ్బుతో కొత్త ఫ్యాక్టరీ కడతానని, కారు ధర తగ్గిస్తానని, ఎక్కువమందికి పని ఇస్తానని చెప్పాడు. కంపెనీలో 10 శాతం వాటా ఉన్న డాడ్జ్ సోదరులు కోర్టుకు వెళ్లారు. 1919లో మిషిగన్ రాష్ట్ర సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది: వ్యాపార కంపెనీ ముఖ్యంగా వాటాదారుల లాభం కోసం నడవాలి. ప్రత్యేక డివిడెండుగా కోటీ 90 లక్షల డాలర్లకు పైగా చెల్లించమంది. నూరేళ్లుగా వాటాదారులే ముందని చెప్పేవాళ్లంతా ఈ తీర్పునే చూపిస్తున్నారు.

వాళ్లు చెప్పని ముక్క ఒకటుంది. అదే తీర్పులో కోర్టు, ఫ్యాక్టరీ విస్తరించాలా వద్దా అన్నది డైరెక్టర్ల వ్యాపార నిర్ణయం, అందులో మేం వేలు పెట్టం అంది. అంటే రోజువారీ నిర్ణయాల్లో డైరెక్టర్లకు అప్పుడే బోలెడు స్వేచ్ఛ ఉంది. ఇంకో ముక్క కూడా ఉంది. ఆ డాడ్జ్ సోదరులు మొదట్లో ఫోర్డుకు ఇంజన్లూ ఇతర భాగాలూ తయారుచేసి ఇచ్చినవాళ్లే. సరుకు ఇచ్చేవాళ్లుగా కాదు, వాటా ఉన్నవాళ్లుగా కోర్టు మెట్లెక్కారు కాబట్టే వాళ్ల మాట చెల్లింది.

వాటాదారే ముందనేవాళ్లను మనం ఊరికే తిట్టి వదిలేయకూడదు. వాళ్ల వాదనలో పస ఉంది. వాళ్లనేది ఇది: కూలీకి కూలి ఒప్పందం ఉంది, బ్యాంకుకు తాకట్టు ఉంది, సరుకు ఇచ్చినవాడికి బిల్లు ఉంది, ఊరికి కాలుష్య చట్టం ఉంది. వీళ్లందరికీ ఇవ్వగా మిగిలిందే వాటాదారుకు వస్తుంది. ఏమీ మిగలకపోతే ఏమీ రాదు. చివర నిలబడ్డవాడికి వేరే రక్షణ లేదు కాబట్టి డైరెక్టర్లు అతని తరఫున ఉండాలి. పైగా అయిదుగురి మేలు చూడాలంటే డైరెక్టరు ఏ తప్పు చేసినా, ఫలానావాళ్ల కోసం చేశానని తప్పించుకుంటాడు. ఒక్కరికే జవాబుదారీ అయితే అలా తప్పించుకోలేడు.

ఈ రెండో మాట మనం గుర్తుపెట్టుకోవాలి. అందరికీ జవాబుదారీ అనేవాడు ఎవరికీ జవాబు చెప్పకుండా పోవచ్చు. అది మనం చూస్తున్నదే. కానీ మొదటి మాట, అంటే మిగతా అందరికీ ఒప్పందమే రక్షణ అన్నది, చెరకు రైతు దగ్గరికి వచ్చేసరికి నిలవదు. ఎందుకో చూడండి.

ఒప్పందం రక్షణ ఇవ్వాలంటే, నచ్చకపోతే వేరేచోటికి పోగలగాలి. చెరకు నాటాక పది పన్నెండు నెలలకు గానీ చేతికి రాదు. ఒకసారి నాటితే కార్సి తోటలతో కలిపి రెండు మూడేళ్లు అదే పొలం అదే ఫ్యాక్టరీకి కట్టుబడి ఉంటుంది. కొట్టిన చెరకు గేటు దగ్గర ఆగిందంటే ఒకటి రెండు రోజుల్లోనే బరువూ తగ్గుతుంది, తీపీ తగ్గుతుంది. ధర తేలేదాకా గోదాములో పెట్టుకుందామంటే అది ధాన్యం కాదు. దానికితోడు ఫలానా ఊళ్ల చెరకు ఫలానా ఫ్యాక్టరీకే అని జోన్లు కట్టారు. వాటాదారు షేరు నచ్చకపోతే పొద్దున్నే అమ్ముకుని బయటపడగలడు. మనం తోట పీకేసుకుంటే తప్ప బయటపడలేం. ఇంత కట్టుబడి ఉన్నవాడిని "బిల్లు ఉన్నవాడు, అతనికి రక్షణ ఉంది" అని పక్కన పెట్టడం లెక్క తెలిసీ తప్పు తూయడమే.

ఈ సంగతి తెలుసు కాబట్టే ప్రభుత్వం 1966లో చెరకు నియంత్రణ ఉత్తర్వు తెచ్చింది. చెరకు దించిన 14 రోజుల్లోపు డబ్బు ఇవ్వాలి. ఆలస్యమైతే ఆ ఆలస్యానికి ఏడాదికి 15 శాతం వడ్డీ కట్టాలి. ఇవ్వకపోతే కలెక్టరు ద్వారా భూమిశిస్తు బకాయిలాగా వసూలు చేయవచ్చు. ఇక్కడే ఆ బోర్డు కాటా ఎలా పనిచేస్తుందో స్పష్టంగా కనపడుతుంది. ఒక లెక్క వేసుకుందాం. ఏ ఫ్యాక్టరీదీ కాదు, సులువుగా ఉండే అంకెలతో వేసుకున్న లెక్క.

ఒక ఫ్యాక్టరీ సీజనులో 2 లక్షల టన్నుల చెరకు ఆడిందనుకుందాం. టన్ను 3,300 రూపాయలనుకుంటే రైతులకు ఇవ్వాల్సింది 66 కోట్లు. చేతిలో అంత డబ్బు లేదు. బోర్డు ముందు రెండు దారులున్నాయి. ఒకటి, బ్యాంకులో 11 శాతానికి అప్పు తెచ్చి రైతులకు ఇచ్చేయడం. ఆరు నెలలకు వడ్డీ 3 కోట్ల 63 లక్షలు. రెండోది, రైతులను ఆరు నెలలు ఆపడం. ఉత్తర్వు ప్రకారం 15 శాతం కట్టేట్టయితే ఆ వడ్డీ 4 కోట్ల 95 లక్షలు అవుతుంది. అంటే రైతును ఆపడం బ్యాంకు అప్పు కన్నా 1 కోటీ 32 లక్షలు ఎక్కువ ఖర్చు. లాభం తప్ప వేరే ఏదీ చూడని డైరెక్టరు కూడా, ఈ లెక్క చూస్తే బ్యాంకుకే వెళ్తాడు. రైతు మీద ప్రేమ అక్కర్లేదు, కూడికలు తీసివేతలు వస్తే చాలు.

మరి ఎందుకు వెళ్లడం లేదు? 15 శాతం వడ్డీ ఎవరూ అడగరని తెలుసు కాబట్టి. అసలు వస్తే చాలు అని మనం సంతకం పెట్టి చెక్కు తీసుకుంటాం. బకాయిల మీద జరిగే చర్చల్లో అసలు గురించే బేరం నడుస్తుంది, వడ్డీ ఊసే రాదు. అప్పుడు బోర్డు లెక్కలో రైతును ఆపే ఖర్చు 4 కోట్ల 95 లక్షల నుంచి సున్నాకు పడిపోతుంది. బ్యాంకు వడ్డీ 3 కోట్ల 63 లక్షలు మిగులుతుంది. డైరెక్టర్లూ వాళ్లే, చట్టమూ అదే. మనం వడ్డీ వదిలేయడం వల్ల కాటా అటు వంగింది.

మన వైపు నుంచి అదే లెక్క చూడండి. రెండెకరాల్లో 80 టన్నులు పండించిన రైతుకు రావలసింది 2,64,000 రూపాయలు. ఆరు నెలల ఆలస్యానికి 15 శాతం చొప్పున వడ్డీ 19,800. ఆ ఆరు నెలలూ అతను నూటికి రెండు రూపాయల వడ్డీకి బయట తెచ్చుకుంటే కట్టేది 31,680. అంటే ఉత్తర్వులోని వడ్డీ పూర్తిగా వచ్చినా నష్టమే, అదీ వదిలేస్తే నష్టం అంతకు రెండున్నర రెట్లకు పైగా. వాటాదారుకు డివిడెండు ఇచ్చారో లేదో తెలియదు గానీ, ఆ ఫ్యాక్టరీకి ఆరు నెలలు వడ్డీ లేని పెట్టుబడి పెట్టినవాడు మాత్రం రైతే.

ఇక ఫ్యాక్టరీ మునిగిపోతే ఏమవుతుంది? 2016 దివాలా చట్టం 53వ సెక్షన్ వరస చెప్తుంది. ఆస్తులు అమ్మిన డబ్బులో ముందుగా దివాలా ప్రక్రియ ఖర్చులు పోతాయి. తర్వాత 24 నెలల వరకు కార్మికుల జీతాలు, తాకట్టు ఉన్న బ్యాంకుల అప్పులు, రెండూ సమానంగా. తర్వాత మిగతా ఉద్యోగుల 12 నెలల జీతాలు. తర్వాత తాకట్టు లేని ఆర్థిక అప్పులు. తర్వాత ప్రభుత్వ బకాయిలు. అన్నీ అయ్యాక "మిగిలిన అప్పులు" అన్న చోట సరుకు ఇచ్చిన మనం వస్తాం. మన వెనక ఉండేది వాటాదారు ఒక్కడే. బతికున్నప్పుడు వాటాదారు కన్నా వెనక, చచ్చినప్పుడు అతని కన్నా ఒక్క మెట్టు ముందు. ఆ కంపెనీ భవిష్యత్తు తేల్చే అప్పులవాళ్ల కమిటీలో మనకు ఓటు లేదు. మనలాంటివాళ్ల బకాయి మొత్తం అప్పులో 10 శాతమన్నా ఉంటే ఒక ప్రతినిధి వెళ్లి కూర్చోవచ్చు, అంతే.

కార్మికులు ఈ వరసలో ముందుకు ఎలా వచ్చారో గమనించాలి. ఎవరి దయవల్లా రాలేదు. 1980ల మొదట్లో నేషనల్ టెక్స్‌టైల్ వర్కర్స్ యూనియన్ కేసులో, కంపెనీ మూసేసే పిటిషన్‌లో కార్మికుల మాట కూడా వినాలని సుప్రీంకోర్టు అంది. పెట్టుబడి పెట్టినవాడిదే కంపెనీ, చెమట పెట్టినవాడికి అందులో మాట లేదు అన్న పాత ఆలోచనను ఆ తీర్పు పక్కన పెట్టింది. యూనియన్ ఉండి, కేసు వేసి, పట్టుబట్టి నిలబడ్డారు కాబట్టి ఆ మాట వచ్చింది. మన తరఫున అలాంటి కేసు ఏదని మనల్ని మనమే అడగాలి.

166వ సెక్షన్ అంత మంచిగా రాసి ఉంటే దాన్నే పట్టుకుని కోర్టుకు పోవచ్చు కదా అని కొందరు మిత్రులు అడుగుతున్నారు. చిక్కు అక్కడే ఉంది. ఆ సెక్షన్ మీరిన డైరెక్టరుకు 1 లక్ష నుంచి 5 లక్షల వరకు జరిమానా ఉంది. కానీ కంపెనీ నడక బాగాలేదని ట్రిబ్యునల్‌కు పోయే 241వ సెక్షన్ సభ్యుల కోసం, గుంపుగా దావా వేసే 245వ సెక్షన్ సభ్యులూ డిపాజిటర్ల కోసం. ఊరివాళ్లకు, ఉద్యోగులకు, రైతులకు ఆ తలుపు తెరుచుకోదు. విధి అయిదుగురికీ ఉందన్నారు, అడిగే హక్కు ఒకరికే ఇచ్చారు. అదే చట్టం 178వ సెక్షన్‌లో "స్టేక్‌హోల్డర్స్ రిలేషన్‌షిప్ కమిటీ" అని ఉంది. పేరు చూస్తే సంబంధమున్న వాళ్లందరి గోడూ వింటారనిపిస్తుంది. లోపల చదివితే అది షేర్లూ డిబెంచర్లూ ఉన్నవాళ్ల ఫిర్యాదులు చూసే కమిటీ. షేరు సర్టిఫికెట్టు రాలేదని చెప్పుకోవచ్చు, చెరకు బిల్లు రాలేదని చెప్పుకోవడానికి కాదు.

పర్యావరణం విషయంలో మాత్రం సుప్రీంకోర్టు ఒకసారి ఈ సెక్షన్‌ను గట్టిగా చదివింది. రాజస్థాన్, గుజరాత్‌లలో బట్టమేక పిట్టలు కరెంటు తీగలకు తగిలి చచ్చిపోతున్నాయన్న కేసులో 2021లో ఇచ్చిన ఆదేశంలో, పర్యావరణ రక్షణ డైరెక్టర్ల విధి అని 166వ సెక్షన్‌ను గుర్తుచేసింది. తీగలు భూమిలోంచి వేయమన్న ఆ ఆదేశాన్ని 2024లో కోర్టే సడలించింది. అయినా వాగులో ఫ్యాక్టరీ నీళ్లు కలిసిన ఊళ్లు తమ అర్జీలో కాలుష్య చట్టంతో పాటు ఈ సెక్షన్‌నూ రాయాలి.

సీఎస్ఆర్ గురించి కూడా ఒక మాట. నీళ్ల ప్లాంటు పెట్టించాం, బడికి బెంచీలు ఇచ్చాం, ఇంకేం కావాలని కొన్ని యాజమాన్యాలు అంటాయి. 135వ సెక్షన్ కింద ఒక స్థాయి దాటిన కంపెనీలు గత మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం సామాజిక పనులకు ఖర్చు చేయాలి. అది లాభం వచ్చాక తీసే సొమ్ము. 166వ సెక్షన్ అడిగేది లాభం ఎలా వచ్చిందన్నది. శుద్ధి చేయని నీళ్లు చెరువులోకి వదిలి ఆదా చేసిన డబ్బులోంచి 2 శాతం తీసి మంచినీళ్ల ప్లాంటు పెడితే, ఆ బోర్డు ఊరి బరువు తూసినట్టు కాదు. ఇవి రెండూ వేరువేరు లెక్కలు. ఒకదాన్ని ఇంకోదానికి చెల్లు వేయనివ్వకూడదు.

ఇంతదాకా పక్కవాడి కాటా గురించి మాట్లాడాం. ఇప్పుడు మన కాటా చూసుకోవాలి. మన సభ్యుల్లో చాలామంది రైతు ఉత్పత్తిదారుల కంపెనీల్లో వాటాదారులు, కొందరు డైరెక్టర్లు. అక్కడ వాటాదారూ సరుకు ఇచ్చేవాడూ ఒక్కడే. కాబట్టి వాటాదారుకు మేలు చేస్తే రైతుకు మేలు చేసినట్టే, ఇంక గొడవేముంది అనుకుంటాం. మేమూ అలాగే అనుకున్నాం.

మనవాళ్లు ఎక్కువగా ఉన్న ఒక కంపెనీ కంది పప్పు మిల్లు నడుపుతోంది. పేరు అక్కర్లేదు. 400 మంది సభ్యులు ఒక ఏడాది 8,000 క్వింటాళ్ల కందులు పోశారు. వాటా సొమ్ము మీద ఇవ్వాల్సింది ఇచ్చి, రిజర్వుకు తీశాక 8 లక్షలు మిగిలాయి. ఇలాంటి కంపెనీలో మిగులును ఎవరు ఎంత సరుకు పోస్తే అంత చొప్పున బోనసుగా పంచుతారు. అంటే క్వింటాలుకు 100 రూపాయలు. పది క్వింటాళ్లు పోసినవాడికి 1,000, నూట ఇరవై పోసినవాడికి 12,000.

అదే మీటింగులో ఇంకో కాగితం ఉంది. మిల్లు దుమ్మూ పొట్టూ పక్కనున్న కాలనీ మీద పడుతున్నాయి, నీళ్ల డ్రమ్ములు మూతపెట్టినా తెట్టు కడుతోంది. దుమ్ము పట్టే యంత్రానికి 3 లక్షలు అవుతుంది. చెరిగి ఏరే ఆడవాళ్లకు నీడ లేదు, మరుగుదొడ్డి లేదు, దానికి ఇంకో లక్ష. రెండూ చేస్తే బోనసు క్వింటాలుకు 50కి పడుతుంది. పది క్వింటాళ్లవాడు 500 పోగొట్టుకుంటాడు, నూట ఇరవైవాడు 6,000. పదిమంది డైరెక్టర్లలో ఆరుగురు పూర్తి బోనసుకే చెయ్యెత్తారు. "ముందు మన రైతుకు ఇద్దాం, దుమ్ము సంగతి వచ్చే ఏడు చూద్దాం" అన్నారు. ఫ్యాక్టరీ యాజమాన్యాల నోట మనం విన్న మాటే అది, చెప్పేవాళ్లు మాత్రం మారారు.

నెల తిరగకుండా కాలనీ ఆడవాళ్లు పంచాయతీకి వెళ్లారు. కాలుష్య నియంత్రణ మండలికి అర్జీ పెడతామన్నారు. ఏరే ఆడవాళ్లలో సగంమంది అదే కాలనీవాళ్లు, వాళ్లు రెండు రోజులు పనికి రాలేదు. మిల్లు ఆగితే రోజుకు ఎంత నష్టమో బోర్డుకు అప్పుడు గుర్తొచ్చింది. మళ్లీ కూర్చుని యంత్రానికీ షెడ్డుకూ ఒప్పుకున్నారు. బోనసులో సగం మొదటే ఇచ్చేయలేదు కాబట్టి డబ్బు సరిపోయింది. మంచి జరిగింది, కాదనం. కానీ మొదటి మీటింగులో ఆ ఆడవాళ్లలో ఒక్కరినైనా పిలిచి అడగలేదు. దుమ్ము ఖర్చు ఎంతో కాగితం మీద వేశారు, దుమ్ము పీల్చినవాళ్ల ఖర్చు వేయలేదు. వాళ్లకు బరువు వచ్చింది వాళ్లు పని ఆపినప్పుడే.

ఈ రెండు కథల్లోనూ మేం చూసింది ఒకటే. డైరెక్టరు మంచివాడా చెడ్డవాడా అన్నదాన్ని బట్టి కాటా వంగడం లేదు. ఎవరిని పక్కన పెడితే ఖర్చు అవుతుందో వాళ్ల బరువే పడుతోంది. చట్టంలో పేరు రాయడం అవసరమే. కానీ పేరున్న ఉద్యోగికీ ఊరికీ కూడా, అడిగే దారి ఉన్నప్పుడే ఆ పేరు పనికొచ్చింది.

కాబట్టి ఏ బోర్డు అయినా నిజంగా తూసిందా, తూసినట్టు నటించిందా అని తెలుసుకోవడానికి కొన్ని ప్రశ్నలు అడగండి. నిర్ణయానికి ముందు ఎవరిని పిలిచి విన్నారు? వద్దనుకున్న దారి ఏమిటి, దానికి ఎంత ఖర్చని లెక్క వేశారు? ఆ నష్టం ఎవరి మీద పడుతుందో రాశారా? ఇవన్నీ మినిట్స్ పుస్తకంలో ఉన్నాయా? "అందరి ప్రయోజనాలూ పరిశీలించి" అన్న ఒక్క వాక్యంతో సరిపెడితే తూయలేదనే అర్థం. బయటి కంపెనీ మినిట్స్ మనకు చూపించరు. కానీ మన కంపెనీలో ఈ ప్రశ్నలు అడగడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

షేర్ మార్కెట్లో ఉన్న పెద్ద 1,000 కంపెనీలు ఏటా బాధ్యతల నివేదిక ఇవ్వాలని సెబీ నియమం పెట్టింది. అందులో ఊరివాళ్ల నుంచి, సరుకు ఇచ్చేవాళ్ల నుంచి ఎన్ని ఫిర్యాదులు వచ్చాయి, ఎన్ని మిగిలాయి అన్న గడులుంటాయి. మన ప్రాంతంలో కొనే కంపెనీ ఆ జాబితాలో ఉంటే ఆ గడిలో ఏం రాశారో చూడండి. మీరు నాలుగు అర్జీలిచ్చిన చోట సున్నా కనపడితే, ఆ కాగితంతో సహా సెబీకి రాయండి. అలాంటి కంపెనీలో వందమంది రైతులు ఒక్కో షేరు కొని సభ్యులైతే, సభ్యులకే తెరిచే ఆ తలుపు వాళ్లకూ తెరుచుకుంటుంది. అయితే చాలా ఫ్యాక్టరీలు మార్కెట్లో లేని కుటుంబ కంపెనీలు. అక్కడ ఈ దారి లేదు.

అన్ని చోట్లా ఉన్న దారి 15 శాతం వడ్డీ. ఈ సీజను నుంచి ప్రతి గ్రామ శాఖ ఒక పుస్తకం పెట్టాలని కోరుతున్నాం. ఏ రైతు ఏ తేదీన ఎన్ని టన్నులు తోలాడు, 14వ రోజు ఎప్పుడైంది, డబ్బు ఎప్పుడు పడింది, ఆలస్యానికి వడ్డీ ఎంత. కాటా చీటీలు పారేయకండి. అసలు తీసుకునేటప్పుడు "పూర్తిగా ముట్టింది" అన్న కాగితం మీద సంతకం పెట్టకండి, వడ్డీ బాకీ ఉందని రాసి పెట్టండి. ఆ లెక్కలన్నీ కలిపి కేన్ కమిషనరుకూ కలెక్టరుకూ ఒకేసారి ఇద్దాం, వసూలు సర్టిఫికెట్టు అడుగుదాం. ఒక్కొక్కరి 19,800 చిన్నదిగా కనపడవచ్చు. అందరివీ కలిపితే అది 4 కోట్ల 95 లక్షలు. మన పేరు 166వ సెక్షన్‌లో చేర్చాలని పార్లమెంటును అడుగుతూనే ఉందాం. కానీ అది జరిగేదాకా ఆగనక్కర్లేదు. ఆ అంకె ఒక్కసారి బోర్డు ముందు బల్ల మీద పడితే, వచ్చే సీజనులో రైతును ఆపాలా, బ్యాంకుకు వెళ్లాలా అన్న లెక్క వాళ్లే మళ్లీ వేసుకుంటారు.